బాప్తిస్మపు తొట్టి అడుగు

చర్చి వెనకున్న బాప్తిస్మపు తొట్టిని ఇరవై రెండేళ్లుగా కడుగుతున్నది ఎలీషబా. పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున ఉన్న ఆ పల్లెలో మూడు వేల లీటర్లు పట్టే తొట్టి ఇంకొకటి లేదు. తుఫాను వానకు వాగు పొంగి తొట్టితో పాటు బోరు మోటారూ మునిగిపోతే, వరద తీసినాక ట్యాంకరు తెచ్చిన నీళ్లు ఆ తొట్టిలోనే పోయించుకున్నారు. నాలుగు రోజులుగా ఊరంతా అవే తాగుతోంది.

నాలుగో రోజు తెల్లారేసరికి ఆరుగురికి వాంతులు, విరేచనాలు. ఆరో మనిషి ఎలీషబా మనవరాలు వందన. నాలుగేళ్ల పిల్ల. నర్సు ఈశ్వరి బండి మీద వచ్చి, కాచి చల్లార్చిన నీళ్ల బాటిలు, ఓఆర్ఎస్ పొట్లాలు కోడలు ప్రశాంతి చేతికిచ్చి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండమంది, మూత్రం వస్తే గండం గడిచినట్టేనంది. తర్వాత తొట్టి దగ్గరకు వచ్చింది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. రంగు మారలేదు.

"పసుపు రావాల. రాలే. ఇందులో క్లోరిన్ లేనే లేదు" అంది.

"అయితే వెయ్యి తల్లీ, నాలుగు గరిటెలు" అన్నాడు సంఘపెద్ద ఎబినేజర్.

"గరిటెలతో వేసేది సాంబారులోకి పెదనాయనా. వెయ్యి లీటర్లకు చిన్న చెంచాడు చాలు. ముందు ఇది చెప్పండి. వరద నీళ్లు దిగినాక తొట్టి రుద్ది కడిగినారా? అడుగున బురదుంటే ఎంత బ్లీచింగ్ వేసినా అదే తినేస్తాది."

"మా ఎలీషబా కడగకుండా ఉంటాదా? దాని చెయ్యి పడితే అద్దమే!"

అందరూ ఆమె వైపు చూశారు. తొట్టి నింపిన రోజు ట్యాంకరు డ్రైవరు హారను మోగిస్తూనే ఉన్నాడు. ఆమె పైపైన బురద తోడి, చీపురుతో ఒకసారి గీకి, "కడిగినా, పొయ్యండి" అనేసింది. మూలల్లో వేలెడు మందం బురద ఉందని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ మాట బయటపెడితే ఊరు బతకనివ్వదు. పెట్టకపోతే మందంతా బురదకే పోతుంది. పొద్దున వందన నాలుక పట్టి చూస్తే చెక్కలా ఎండిపోయి ఉంది.

"కడగలేదు మామా" అంది. "తోడినానంతే."

గుంపులోంచి శ్రీశైలమ్మ ముందుకొచ్చింది. ఆమె మొగుడు కూడా మంచం పట్టాడు.

"ఇన్నేండ్లు దేవుని తొట్టి కడిగి, మాకు బురద తాగించినావా వదినా?"

ఎలీషబా తొట్టి పక్కన వంగింది. అడుగున గుడ్డ చుట్టిన కొయ్య బిరడా లాగేసింది. నీళ్లు మురుగు కాలువలోకి పోతుంటే ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఇంకో ట్యాంకరు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి పంపుతామన్నారని ఫోను పెట్టేసి ఈశ్వరి చెప్పింది గానీ, ఆ మాట ఎవరూ నమ్మలేదు.

పిల్లల్ని దూరం పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎలీషబా తొట్టిలోకి దిగింది. బురదంతా ఎత్తిపోసి, ఈశ్వరి ప్లాస్టిక్ బకెట్లో చిక్కగా కలిపిచ్చిన బ్లీచింగ్ నీళ్లతో గోడలు, మూలలు బ్రష్షు పెట్టి రుద్దింది. కళ్లు మండుతుంటే బయటికి వచ్చి గాలి పీల్చి మళ్లీ దిగింది. అరగంట అట్లే వదిలేశారు.

ట్యాంకరు నాలుగు గంటలకు వచ్చింది. మొదటి నీళ్లతో తొట్టి కడిగేసి, బిరడా బిగించి నింపారు. కొత్త బ్లీచింగ్ ప్యాకెట్టు చించి, మూడు చెంచాల పొడిని మగ్గులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కు దిగినాక పైతేట మాత్రమే తొట్టిలో పోసి కట్టెతో కలియబెట్టింది ఈశ్వరి.

"అరగంట దాకా ఎవురూ బిందె ముంచకండి."

అరగంట అయ్యాక గొట్టంలో చుక్కలు వేసింది. లేత పసుపు. ఎబినేజర్ కళ్లు మూసుకున్నాడు.

"ఇండ్లల్లో డ్రమ్ముల సంగతేంది?" అంది ఈశ్వరి. "అవి పాత నీళ్లే గదా? పారబోసి, రుద్ది కడిగి ఈ నీళ్లు పట్టండి."

నాలుగు రోజుల క్రితం మొదట నింపుకున్న డ్రమ్ము ఎలీషబా ఇంటిదే. పొద్దున నర్సు ఇచ్చినది ఒక్క లీటరు బాటిలు. ఉన్నపళంగా ఇంటికి పరుగెత్తింది ఎలీషబా.

ఇంట్లో బాటిలు ఖాళీగా పడి ఉంది. ప్రశాంతి గ్లాసులో పొట్లం చించి వేసి కలుపుతోంది.

"ఎక్కడివే ఆ నీళ్లు?"

"డ్రమ్ములోవే అత్తా. ఏందట్లా అరుస్తావు?"

"పోసినావా పిల్లకు?"

"ఇప్పుడే కలిపినా."

గ్లాసు లాక్కుని వాకిట్లోకి విసిరింది. చిన్న బిందె సబ్బుతో తోమి, తొట్టి నీళ్లు తెచ్చి, తన చేత్తోనే కొత్త పొట్లం కలిపిచ్చింది. రెండు చేతులతో డ్రమ్మును పక్కకు పడేసింది. నీళ్లు గడప దాటి పారాయి. డ్రమ్ము అడుగున ఎర్రటి మడ్డి.

వందన పొద్దుటి నుంచి ఒంటికి పోలేదు. దీపాలు పెట్టే వేళకు మూత్రం పోసింది. ప్రశాంతి వాకిట్లోకి వచ్చి ఏడుస్తూ ఆ సంగతి చెప్పింది. వాకిట్లోకి దొర్లించుకొచ్చిన డ్రమ్ములో సగం దాకా దూరి అడుగు రుద్దుతున్న ఎలీషబా చెయ్యి మాత్రం ఆపలేదు.