ఆరు రోజుల సంపు

వేంపల్లెలో ఎవరింట్లోనైనా నీళ్ల సంపు ఉందంటే అది మీరా హుస్సేన్ మేస్త్రి చేతి పనే అయ్యుంటుంది. గుంత తవ్వించడం మొదలు మోటరు పైపు దించేదాకా అన్నీ తనే. ముప్పై ఏళ్లలో ఆయన కట్టిన సంపు చుక్క కారింది లేదు. కాకపోతే మనిషికి ఒక అలవాటు ఉంది. పని ముగిశాక మూత మీద కూర్చుని బీడీ ముట్టించి, ఈ నీళ్లు ఎన్ని రోజులొస్తాయో ఇంటివాళ్లకు చెబుతాడు. చెప్పేది ఎప్పుడూ ఒకటి రెండు రోజులు తక్కువే.

ఇన్నేళ్లుగా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. గుణించి భాగించి చూసే ఓపిక ఎవరికుంది? పెద్దసుబ్బయ్య శెట్టికి ఉంది. నలభై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతూ, ఆవాలు కూడా రెండుసార్లు తూచే మనిషి ఆయన.

"ఆరు దినాలొస్తాయి శెట్టీ, చూసి వాడుకోండి" అన్నాడు మీరా హుస్సేన్, కొత్త సంపు మూత మీద కూర్చుని.

"ఆరేందప్పా?" శెట్టి సుద్దముక్క తీసుకుని అదే మూత మీద లెక్క మొదలుపెట్టాడు. మేస్త్రి లేచి చోటివ్వక తప్పలేదు. "పొడుగు ఆరడుగులు, వెడల్పు ఐదు, నీళ్లు నిలిచే ఎత్తు ఐదు. నూట యాభై ఘనపుటడుగులు. ఒక్కోదానికి ఇరవై ఎనిమిది లీటర్లు. అంటే నాలుగు వేల రెండొందలు. మిద్దె మీది ట్యాంకు ఐదొందల లీటర్లు, దినానికి ఒకతూరి నింపుతాం. ఎనిమిది దినాలు వాడినా ఇంగా రెండొందలు మిగలాల!"

"లెక్క సరిగ్గానే ఉండాది శెట్టీ."

"మరి?"

"ఆరే అనుకోండి."

శెట్టి ముఖం జేవురించింది. లెక్క తప్పని వాదిస్తే ఆయన సంతోషంగా సాయంత్రందాకా పోట్లాడేవాడు. లెక్క ఒప్పుకుని జవాబు ఒప్పుకోని మనిషిని ఏం చేయాలి?

మర్నాటి నుంచి కొట్లో పప్పూ ఉప్పూ కొన్నవాళ్లందరికీ ఈ కథ కొసరుగా దక్కింది. "సంపులు కట్టేదానికి వచ్చినాడు గానీ, ఎన్ని నీళ్లు పడతాయో తెలీదంట!" వారం తిరిగేసరికి మీరా హుస్సేన్‌ని చూస్తే పిల్లలు కూడా "మేస్త్రీ, ఆరైదులెంత?" అని అడగసాగారు. బైపాసు దగ్గర కొత్తగా ఫంక్షను హాలు కడుతున్న వీరేష్, పెద్ద సంపు పని ఈయనకే అని మాటిచ్చినవాడు, "కొంచెం ఆగు మేస్త్రీ, చూద్దాం" అని నసిగాడు. మీరా హుస్సేన్‌కు అది గట్టిగా తగిలింది. ముప్పై ఏళ్ల పేరు మూడు కిలోల కందిపప్పుతోపాటు పొట్లం కట్టి పంపుతున్నాడే ఈ శెట్టి అనుకున్నాడు.

"పోయి చెప్పరాదా, నీకు లెక్క తెలుసునని?" అంది భార్య దౌలత్ బీ.

"చెప్తే ఎందుకని అడుగుతాడు."

"అడిగితే?"

మీరా హుస్సేన్ తాపీ తీసుకుని బయటికి నడిచాడు.

ఆ నెలలోనే శెట్టికి ఒక అవకాశం వచ్చింది. రాయచోటి దిక్కు నుంచి అహోబిలం పోయే భజన బృందం, నలభై మంది, దారిలో వాళ్లింట్లో భోంచేస్తామని కబురు పెట్టారు. ఆ రోజు నీళ్లొచ్చి ఆరో రోజు. వేంపల్లె వీధి కొళాయి ఏడో రోజుకు గానీ పలకదు. భార్య వెంకటలక్ష్మమ్మ భయపడింది. శెట్టి భయపడలేదు. ఐదు రోజులకు రెండున్నర వేలు పోతే పదిహేడు వందలు మిగులుతాయి. ఆరో రోజు మిద్దె ట్యాంకు మూడుసార్లు నింపినా రెండొందలు మిగులు. తెల్లారితే కొళాయి! నలభై ఆకులూ ఆయన లెక్కలో సుఖంగా పట్టాయి.

పొద్దున ట్యాంకు నిండింది. వంటకూ స్నానాలకూ అయిపోయింది. పదకొండుకు మళ్లీ మోటరు వేశారు. కాసేపటికి దాని గొంతు మారింది. నిండిందేమో అనుకుని, నేతి గిన్నెతో పరుగెడుతున్న శెట్టి దారిలోనే స్విచ్చి ఆపేశాడు. భక్తులు కాళ్లు కడుక్కున్నారు, ముఖాలు కడుక్కున్నారు, పప్పూ పులిహోరా పాయసమూ తృప్తిగా తిని, గోవిందా అని లేచారు.

పెరటి కొళాయి తిప్పితే బుస్సుమంది. గాలి.

మోటరు వేస్తే అదీ గాలినే తోడింది. నలభై మంది నలభై ఎంగిలి చేతులు పైకెత్తి పెరట్లో నిలబడ్డారు. ఒకాయన ముక్కు మీద ఈగ వాలితే తోలుదామంటే ఎడమ చేతిలో భజన తాళాలున్నాయి. పాయసం మోచేతుల దాకా కారుతోంది.

"సంపు కారిపోతాండాది! ఆ మేస్త్రిని పిల్చకరాండి!" అని శెట్టి వీధిలోకి కేకపెట్టాడు.

మీరా హుస్సేన్ వచ్చేసరికి శెట్టి పెరట్లో గంతులేస్తున్నాడు. "ఏడొందలు ఉండాల లోపల! యాడికి పోయినాయి? ఓటి సంపు కట్టి నా పరువు తీస్తివి గదప్పా!"

లెక్క రాదంటే ఓర్చుకున్నాడు. ఓటి సంపు అనే మాట మాత్రం ఓర్చుకోలేకపోయాడు మీరా హుస్సేన్. దండెం తాడు విప్పి బక్కెట్టుకు కట్టి, మూత తీసి లోపలికి వదిలాడు. బుడుంగుమని మునిగింది. నిండుగా పైకొచ్చింది. ఇంకోటి. ఇంకోటి. నలభై చేతులూ శుభ్రమయ్యాయి, గుండిగలు కూడా కడిగారు. భజన బృందం అది నరసింహస్వామి మహిమే అని తీర్మానించుకుని బస్సెక్కి వెళ్లిపోయింది.

శెట్టి మాత్రం మూత పక్కన బోర్లా పడుకుని లోపలికి తొంగి చూస్తూనే ఉన్నాడు.

"ఏం మాయప్పా ఇది? నీళ్లు ఉండాయి, మోటరుకు అందవు!"

"పైపు చివరి వాల్వు సంపు నేల నుంచి ఒక అడుగు ఎత్తులో పెట్టినా. దాని కింది నీళ్లు మోటరుకు రావు." మీరా హుస్సేన్ తలవంచుకుని చెప్పాడు. "సగం అడుగు మట్టికి. అడుగున దిగే బురద మోటరు పీల్చకుండా. ఇంగో సగం మనిషికి."

శెట్టి నోరు మెదిపాడు. "ఆరైదులు ముప్పై, ఇంటూ ఇరవై ఎనిమిది... ఎనిమిదొందల నలభై. అవి తీసేస్తే మూడువేల మూడొందల అరవై. ఐదొందలతో భాగిస్తే..." తలెత్తాడు. "ఆరున్నర దాటుతాది. ఏడు రాదు."

"అదే చెప్పినా శెట్టీ. ఆరని."

"ఎందుకో చెప్పి చావచ్చు గదా!"

"నేను కట్టిన మొదటి సంపుకు పైపు అడుగుదాకా దించినా. ఒక ఎండాకాలం కొళాయి పది దినాలు రాలేదు. ఆ ఇంట్లో బాలింతరాలు. బిడ్డకు నీళ్లు పోసేదానికి చెంబెడు నీళ్లు లేక ఆ తల్లి నా ముందర ఏడ్చింది శెట్టీ. నా చెయ్యే వాళ్లను ఎండబెట్టినట్టు అనిపించింది. అప్పటినుంచి అందరికీ ఇంతే. ముందే చెప్తే అవీ వాడేస్తారు. మోటరు ఆగిపోతే వచ్చి బక్కెట్టు వేస్తా."

వెంకటలక్ష్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. శెట్టి చాలాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. మేస్త్రి పేరు నిలబెట్టాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే ఊళ్లో ఏ సంపు అడుగునా చుక్క మిగలదు.

మర్నాడు కొట్లో బేరాలు జోరుగా ఉన్న వేళ, వీరేష్ కూడా ఉన్నప్పుడు, పెద్దసుబ్బయ్య శెట్టి గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రి చెప్పిందే రైటు. ఆరే దినాలు. నేనే టేపు బయట గోడ నుంచి పట్టి, గోడ మందం కూడా కలిపేసినా. లెక్క తప్పింది నాదే." నలభై ఏళ్లలో ఆ నోట రాని మాట అది. చెబుతుంటే ఆయనకు చెమట పట్టింది. కొట్టంతా విరగబడి నవ్వింది. ఆ సాయంత్రానికే పిల్లలు శెట్టిని ఆరైదులెంత అని అడగడం మొదలుపెట్టారు, ఫంక్షను హాలు సంపు మేస్త్రికి ఖాయమైంది.

విషయం తెలిసి మీరా హుస్సేన్ కొట్టుకు వచ్చాడు. బెల్లం దిమ్మల పక్కన నిలబడ్డాడు. శెట్టే గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరేగానీ, మీ ఇంటి సంపులో ఎంత ఎత్తులో పెట్టుకున్యావు?"

"నాకు తెలీదు శెట్టీ."

"నీకు తెలీకపోవడమేందప్పా?"

"నేను పెట్టలేదు. నన్ను బయటికి పంపించి, దౌలత్ బీ నా కింద పనిచేసే రబ్బానీతో పెట్టించింది. తెలిస్తే నేను మాత్రం వాడేయనా?"