చిక్కుడు పాదు మీద నల్ల పురుగు

మొన్న కరీంనగర్ కూరగాయల మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే కుప్పలోంచి ఒక నల్ల పురుగు బయటికి పాకింది. అమ్మే ఆమె దాన్ని నలిపేయబోతే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "పురుగుకు గింత ఫికరేందమ్మా?" అని నవ్విందామె. ఏం చెప్పను! చిన్నప్పుడు అదే పురుగును డబ్బాల కొద్దీ చంపినదాన్ని నేను. చంపినందుకు బడిలో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

మంథనికి కొంత దూరంలో మా ఊరు. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన కొన్నేళ్లకు కట్టిన బడి మాది. వెనక తోటలో తరగతికొక మడి. మా అక్కది ఏడో తరగతి, నాది నాలుగు. ఏడో తరగతి వాళ్ల చిక్కుడు పందిరంటే బడికంతా గొప్ప, ఎందుకంటే మధ్యాహ్నం కూరకు కాయ అక్కడినుంచే రావాలి. ఆ ఏడు చలికాలంలో పందిరి ముడుచుకుపోయింది. లేత కొసలు వంకర తిరిగాయి, ఆకులు ముట్టుకుంటే జిగట, తీగ నిండా చీమలు. మా అవ్వ ఉప్పూ మిరపకాయలూ పంపి పాదుకు దిష్టి తీయించింది కూడా. దిష్టి పోలేదు గానీ నల్ల పురుగులు వచ్చాయి. వడ్లగింజంత పొడవు, ఒంటినిండా ముళ్లలాంటి వెంట్రుకలు, నారింజ రంగు మచ్చలు, ఆరు కాళ్లు. చూస్తే బుడ్డ మొసలే. ఇవే పాదును తింటున్నాయని పెద్ద టీచరమ్మ తేల్చేసి, ఏరి కిరసనాయిలు నీళ్లలో వెయ్యమంది. అందరికంటే ఎక్కువ ఏరింది నేనే. పాపం, కొసల నిండా మసి పూసినట్టు అంటుకున్న పేనుబంకను మాత్రం మేమెవరం పురుగనే అనుకోలేదు. అంత చిన్నవి మరి, తీగకు పట్టిన తెగులనుకున్నాం.

అక్కకు మాత్రం అనుమానం. ఒకనాడు నా డబ్బా లాక్కుని, "అరే, గిది ఆకు తింటలేదే. ఆకుల ఒక్క రంధ్రం చూపియ్యి" అంది. నిజంగానే ఎక్కడా రంధ్రం లేదు. పెద్ద టీచరమ్మతో చెబితే ఆమె కోపం తెచ్చుకోలేదు గానీ పట్టించుకోనూ లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు పందిరి బాగుపడాలి, లేకపోతే పీకి పారేయాలి; బ్లాకు ఆఫీసు నుంచి మందు పొడి వచ్చి ఉంది, చల్లుదామంది. అక్క బతిమాలి పది రోజుల గడువు పుచ్చుకుంది. పదో రోజు శనివారం.

సైన్స్ సారుకు కూడా ఆ పురుగేమిటో తెలియదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని మొదటిసారి చూశాను. హైదరాబాదులో తనకు చదువు చెప్పిన ఒకాయన పురుగుల పండితుడనీ, పురుగును పోస్టులో పంపితే నుజ్జవుతుందనీ, ఫొటో ఉంటే అడుగుతాననీ అన్నారు. ఫొటో అనగానే అక్క కళ్లు మెరిశాయి. బొగ్గుబాయిలో గుమాస్తా చేసే మా మేనమామ తన డబ్బా కెమెరాను మా ఇంట్లో వదిలివెళ్లాడు. రీలులో ఇంకా రెండు ఫొటోలున్నాయి. రెండూ అవ్వకోసమే, పట్టుచీర కట్టుకుని దిగాలని అవ్వ ముచ్చట.

ఒక ఫొటో ఇవ్వడానికి అవ్వ ఒప్పుకుంది. కానీ ఆ కెమెరాకు మూడు గజాల దూరంలో మనిషి బాగా పడతాడు గానీ, దగ్గర పెడితే అంతా మసకే. ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే తాత దారి చూపించాడు. అదే రకం ఖాళీ కెమెరా ఒకటి తీసి, వెనక మూత తెరిచి, రీలు ఉండే చోట నూనె రాసిన కాగితం బిగించాడు. ముందు అద్దానికి సారు ఇచ్చిన భూతద్దం కట్టాడు. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే, ఎండలో పట్టుకున్న బంతిపువ్వు కాగితం మీద తలకిందులుగా పడింది. పువ్వును ముందుకూ వెనక్కూ జరిపి, రేకులు తేటగా కనపడిన చోట చీపురుపుల్లతో కొలిచి విరిచాడు. బెత్తెడు మీద కాస్త ఎక్కువ. "పైన కిటికీల సూడకు బిడ్డా. అండ్ల కనవడేదొకటి, రీలు మీద వడేదొకటి. పుల్లనే నమ్ము" అన్నాడు.

అదే భూతద్దం కట్టిన మా కెమెరాను ఇటుకల మీద పెట్టి, పుల్ల ఒక కొస భూతద్దం నడిమికీ, రెండో కొస పురుగుకూ ఆనేట్టు సర్ది, పుల్ల తీసేసి మీట నొక్కాలి. ఆ పురుగు ఒక్కచోట నిలబడితేగా! మొదటిసారి మీట నొక్కగానే గాలికి తీగ ఊగింది. ఫొటో పోయినట్టే. అక్క ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది, అన్నం తినలేదు. అవ్వ కాసేపు చూసి అంది, "నా మొకం రోజూ సూస్తనే ఉన్నరు గద. రెండోది గూడ గా పురుగుకే దియ్యి." అవ్వ ఫొటో దిగింది ఆ తర్వాత పదిహేనేళ్లకు.

మర్నాడు నేను తీగను రెండు చేతులా పట్టుకున్నాను. పురుగు దేన్నో నోట కరుచుకుని, తినేంతసేపు కదలలేదు. అప్పుడు నొక్కింది అక్క. స్టూడియోలో కడిగిన కాగితం మీద అంచులు మసకగా ఉన్నా, నడిమధ్య పురుగు, దాని నోట్లో కొసల మీది పేనుబంక ఉన్నాయి. అప్పటిదాకా అది తింటున్నదేమిటో మా కంటికే ఆనలేదు. సారు ఆ రోజే పోస్టులో వేశారు.

జవాబు వచ్చేలోపు అక్క ఒక పురుగును గాజు సీసాలో పెట్టి గుడ్డ కట్టింది. బంక పట్టిన కొసలు తెచ్చివేసే పని నాది. పొద్దున వేసిన కొస సాయంత్రానికి శుభ్రం! మూడో రోజు అది తోకను ఆకుకు అంటించి, తలకిందులుగా వేలాడి, తిండి మానేసింది. ఒంటి మీది తోలు ఊడి తోకదగ్గర ముద్దయింది. లోపల గుండ్రటి నారింజ రంగు గూడు. చచ్చిపోయిందని నేను ఏడ్చాను. అక్క పుల్లతో తాకితే గూడు చటుక్కున పైకి లేచి మళ్లీ వాలింది. బతికే ఉంది. హైదరాబాదు నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

శనివారం పొద్దున గూడు చిట్లి ఉంది. పక్కన మెత్తగా, పసుపుపచ్చగా, ఏ మచ్చాలేని చిన్న పురుగు. అక్క సీసా గుండెకు హత్తుకుని బడికి పరుగు. అప్పటికే పందిరి కింద పొడి డబ్బా తెరిచి ఉంది. ఇదేమిటో తేలేదాకా ఒక్క గంట ఆగమని అక్క అడిగింది. పెద్ద టీచరమ్మ చేతిలోని చేట కింద పెట్టి, కళ్లద్దాలు సవరించుకుని సీసా ముందు కూర్చుంది. ఆమె వెనక మేమంతా. చూస్తుండగానే పసుపు వీపు ఎరుపు తిరిగింది, దాని మీద ఒక్కో నల్లచుక్క తేలింది. ఎవరో "అక్షింతల పురుగు" అన్నారు.

అక్షింతల పురుగంటే మాకు ప్రాణం. అరచేతిలో పెట్టుకుని, వేలికొస నుంచి ఎగిరితే పరీక్ష పాసవుతామని దండం పెట్టేవాళ్లం. పెద్ద టీచరమ్మ మెల్లగా అంది, "ఇన్నొద్దులు పిల్లలను సంపుకుంట తల్లులకు మొక్కినమా?" ఆమె పొడి డబ్బాకు మూత పెట్టడం చూసి అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, నా డబ్బా గుర్తొచ్చి.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పందిరి ఇంకా సగం ముడుచుకునే ఉంది. పెద్ద టీచరమ్మ వెనక్కి తగ్గకుండా ఆయనకు సీసా చూపించింది. ఆయన గంటసేపు తోటలోనే ఉండిపోయాడు. హైదరాబాదు నుంచి ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. అక్షింతల పురుగు పిల్లేననీ, పిల్లా తల్లీ రెండూ బంకనే తింటాయనీ, పొడి చల్లితే ఇవీ చచ్చేవనీ, బంక మాత్రం మళ్లీ త్వరగా పెరిగేదనీ రాశారు. జిగట తీపి కోసం చీమలు బంకకు కాపలా కాసి వీటిని తరుముతాయి, ముందు చీమల దారి మూయమన్నారు. గుంజల చుట్టూ జిగురు పూసిన గుడ్డలు కట్టాం. నెల తిరక్కుండా పందిరి ఊదాపూలతో నిండింది. బడంతా చిక్కుడుకాయ కూర తిన్నది. అక్కకు రెండుసార్లు వడ్డించారు.

ఆ శనివారం ఒక చుక్క తేలడానికీ ఇంకో చుక్క తేలడానికీ మధ్య మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి గానీ, ఒక గంటను అంత నిండుగా మళ్లీ ఎప్పుడూ బతకలేదు.