కాలువ గట్టు రోడ్డు: పని పద్ధతి, మనుషుల పట్టిక

నేను ఇంతవరకు ఒక్క రోడ్డు కూడా వేయలేదు. రోడ్డు ఎలా వేస్తామో మాత్రం గోతాల కొద్దీ రాశాను. విజయవాడలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ పైఅంతస్తులో మా కంట్రాక్టు కంపెనీ ఆఫీసు. అందులో టెండర్ల విభాగమంటే నేనూ, ఒక ప్రింటరూ. ఇద్దరిలో దానికే సెలవులు ఎక్కువ.

ప్రభుత్వం ఒక రోడ్డును వెడల్పు చేయాలనుకున్నప్పుడు టెండరు పిలుస్తుంది. మేం రెండు భాగాలుగా జవాబివ్వాలి. మొదటిది సాంకేతిక ప్రతిపాదన. పని ఏ వరసలో చేస్తాం, ఏ యంత్రం ఏ నెలలో దింపుతాం, ఏ ఇంజనీరు దగ్గరుండి చూస్తాడు అన్నది అందులో ఉంటుంది. రెండోది ధర. మొదటిది గట్టెక్కకపోతే రెండోది తెరవనే తెరవరు. అంత ముఖ్యమైన భాగం కాబట్టి దాన్ని అందరూ చాలా శ్రద్ధగా పాత టెండరులోంచి కాపీ చేస్తారు. నేనూ చేసేవాణ్ణి. ఊరి పేరు మార్చి, కిలోమీటర్లు మార్చి, పాత ఊరి పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమోనని వెతికితే అయిపోయినట్టే. ఇన్నేళ్ళలో నాకు అబ్బిన ఇంజనీరింగ్ నైపుణ్యం ప్రధానంగా ఆ వెతకడమే.

కంకిపాడు అవతల కాలువ గట్టు వెంట పోయే రోడ్డుకు టెండరు పడినప్పుడు కూడా అలాగే మొదలుపెట్టాను. ఎదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిన రోడ్డు. దాన్ని రెండు వరసల రోడ్డు చేయాలి. అనంతపురం వైపు మేం చేసిన ఒక పని తాలూకు ప్రతిపాదన తెరిచి పేర్లు మారుస్తుండగా, మా కంపెనీలో అందరూ పెద్దాయన అని పిలిచే ప్రాజెక్టు మేనేజరు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒడిశా సరిహద్దులో ఉన్న క్యాంపు నుంచి సెలవు మీద వచ్చాడు. సెలవు మీద వచ్చిన మనిషి ఆఫీసుకు ఎందుకొచ్చాడో వెంటనే చెప్పలేదు. టీ తాగాడు. ఏసీ చల్లగా లేదన్నాడు. చివరికి స్క్రీను వైపు చూపు తిప్పాడు.

"ఏవయ్యా, ఇందులో ప్రాజెక్టు మేనేజరు కింద ఎవర్ని పెడుతున్నావు?"

"మిమ్మల్నే సార్. మన దగ్గర అంత అనుభవం ఉన్నది మీకొక్కరికేగా."

"అయితే సరే," అని కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

ఆయన ఇల్లు కంకిపాడులో. పెళ్ళయిన దగ్గర్నుంచీ క్యాంపుల్లోనే ఉన్నాడు. మొదట రేకుల షెడ్లు, తర్వాత కంటైనర్లు, ఇప్పుడు ఏసీ ఉన్న కంటైనర్లు. రిటైరయ్యేలోపు ఒక్క పని ఇంటి నుంచి వెళ్ళి చేసి, సాయంత్రం ఇంటికొచ్చి పడుకోవాలని ఆయన కోరిక. ఈ రోడ్డు ఆయన గుమ్మం నుంచి నడిచిపోయేంత దూరంలో మొదలవుతుంది. టెండరులో ఎవరి పేరు పెడితే, పని వచ్చాక ఆ మనిషే సైటులో ఉండాలి. మార్చాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. అంటే మా ఎండీ గారు తలచుకున్నా ఆయన్ని మరో కంటైనరుకు పంపించడం తేలిక కాదు. ఆ పట్టికలో తన పేరున్న గడి ఆయనకు ఇంటి తాళంచెవిలాంటిది.

అందుకని, మా ఆఫీసు చరిత్రలో మొదటిసారిగా, ఒక మనిషి "పని పద్ధతి" అన్న అధ్యాయాన్ని మొత్తం చదివాడు.

"ఎడమ వైపు వెడల్పు జూలైలో మొదలు అని రాశావేంటి?"

"పాతదాంట్లో అలాగే ఉంది సార్."

"ఎడమ వైపు ఏవుందో తెలుసా?"

"ఏవుంది?"

"కాలువ. జూలైలో నిండుగా ఉంటది. మీ మిషన్లకి ఈత నేర్పించావా?"

నేర్పించలేదని ఒప్పుకున్నాను. కాలువలకు ఎండాకాలంలో నీళ్ళు ఆపేసినప్పుడే గట్టు అంచు గోడ పునాది పడాలని, అది ఒక్క ఎండాకాలంలో పూర్తికాదని, రెండిటికి పంచాలని ఆయన చెప్పాడు. ముందు కుడి వైపు, పొలాల వైపు చేయాలి. అటు పక్కా అయ్యాక బండ్లను దాని మీదికి మళ్ళించి, అప్పుడు కాలువ వైపు దిగాలి. పాత గట్టు వాలు మీద ఊరికే మట్టి పోస్తే మొదటి వానకే కొత్తది పాతదాన్నుంచి విడిపోయి జారుతుంది. వాలును మెట్లు మెట్లుగా కోసి, ఆ మెట్ల మీద పొరలు పొరలుగా మట్టి వేసి, ఒక్కో పొరనూ గ్రేడరుతో చదును చేసి, రోలరు తిప్పి, గట్టిదనం పరీక్షించాకే పై పొర వేయాలి. అక్కడి నల్లమట్టి అందుకు పనికిరాదు, గ్రావెల్ బయటి నుంచి తోలాలి. తోలే దూరాన్ని బట్టి టిప్పర్ల సంఖ్య ఉండాలి. నేను పాతదాంట్లోంచి ఎత్తిపెట్టిన సంఖ్య చూసి ఆయన, "ఇవి చాలవయ్యా. గ్రేడరు పొద్దున్నుంచీ టిప్పరు కోసం ఎదురుచూస్తా కూర్చుంటది, పెళ్ళి చూపుల్లో కూర్చున్నట్టు," అన్నాడు.

రెండు మధ్యాహ్నాలు అలా గడిచాయి. మూడో మధ్యాహ్నం ఆయన ఒక పేరా చెప్పి రాయించాడు. కోతల కాలంలో రైతులు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. కొత్తగా తొక్కించిన కంకర పొర వాళ్ళకు రోడ్డు కంటే నున్నగా కనిపిస్తుంది కాబట్టి అక్కడే పోస్తారు, పొమ్మంటే పోరు. అందువల్ల ఆ నెలలో ఊళ్ళున్న చోట పై పొరల పని పెట్టుకోకుండా యంత్రాలను కల్వర్టుల వైపు మళ్ళిస్తాం. ఇదీ ఆ పేరా.

దాన్ని మా ఎండీ గారు చదివారు. ఆయన చదివేది సాధారణంగా ధర ఒక్కటే. ఏ గ్రహస్థితి వల్లో ఇది కంటపడింది.

"టెండర్లో వడ్లేంటండీ? చదివినోళ్ళు నవ్వరూ?"

"నవ్వనీండి. ఆ నెల్లో మన పొర మీద వడ్లు పోస్తే ఏడ్చేది మనవే," అన్నాడు పెద్దాయన.

"పోసిన వాళ్ళని అడ్డం తియ్యమంటే సరిపోయిద్దిగా."

"మీరొచ్చి చెప్తారా?"

ఎండీ గారి సొంతూరు చల్లపల్లి దగ్గర. అక్కడ వాళ్ళ అన్నగారు రోడ్డు మీద వడ్లు పోస్తుంటారు. ఎండీ గారు కాగితం తిరిగి నా చేతికిచ్చి, "ఉంచండి," అన్నారు.

ప్రతిపాదన వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే నాకు అలసటే మిగిలింది. కాపీ చేస్తే ఒక్కరోజు పట్టే పని. ఎప్పుడూ అలవాటు లేని నిజం రాయడానికి వేళ్ళు కాస్త నొప్పిపెట్టాయి.

కొన్ని వారాలకు రోడ్ల శాఖ నుంచి వివరణ కోరుతూ ఒక ఉత్తరం వచ్చింది. పని పద్ధతి గురించి ఒక్క ప్రశ్నా లేదు. ప్రశ్న మనిషి గురించి. మా ప్రాజెక్టు మేనేజరు ఇదే శాఖ పిలిచిన పార్వతీపురం వైపు కొండ రోడ్డు టెండరులో కూడా ప్రాజెక్టు మేనేజరుగా ఉన్నాడు, రెండు చోట్లా ఏకకాలంలో ఎలా ఉంటాడో తెలియజేయగలరు, అని మర్యాదగా అడిగారు.

ఇది మా దగ్గర పాత ఆచారం. ప్రతి టెండరుకూ ఆ ఇంజనీరు "ఈ పనికి నేను అందుబాటులో ఉంటాను" అని సంతకం చేసిన కాగితం జతచేయాలి. ప్రతిసారీ క్యాంపు నుంచి ఎక్కడొస్తాడని పెద్దాయన ఆఫీసుకు వచ్చినప్పుడల్లా ఒక కట్ట కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. పని పేరున్న చోటు ఖాళీగా ఉండేది. కొండ రోడ్డుకు ఆ కట్టలోంచి ఒకటి వెళ్ళింది. ఇన్నాళ్ళూ మేం వేసిన టెండర్లలో ఎక్కువ భాగం పోయేవి కాబట్టి ఒకే మనిషి నాలుగు చోట్ల ఉన్నా ఎవరికీ అడ్డం రాలేదు.

ఎండీ గారు మా ఇద్దర్నీ పిలిచారు. పెద్దాయన క్యాంపు నుంచి రాత్రి బస్సులో వచ్చాడు, చొక్కా నలిగి ఉంది.

"ఒకటి వదులుకోవాలి," అన్నారు ఎండీ గారు. "కొండ రోడ్డుకి మీరు తప్ప ఎవరూ పనికిరారు. కాలువ రోడ్డు ఇక్కడే గదా, రోజూ నేనే చూసుకుంటా. మా తోడల్లుణ్ణి పెడదాం. అనుభవం కాగితాలన్నీ ఉన్నాయి."

"ఆయన్నే కొండకి పంపకూడదా?"

"వాడికి కొండ గాలి పడదండీ."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను ప్రింటరు వైపు చూశాను. ప్రింటరు ఎవరి వైపూ చూడలేదు.

"పద్ధతంతా నేను రాసింది గదండీ," అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా.

"అందుకేగా ధైర్యం. రాసింది ఉందిగా, చూసి చేస్తాడు."

జవాబు నేనే తయారుచేశాను. సదరు ఇంజనీరు కొండ రోడ్డుకే పరిమితమని, కాలువ రోడ్డుకు సమానమైన అర్హత గల మరొకరిని ప్రతిపాదిస్తున్నామని రాశాను. శాఖ ఒప్పుకుంది. పెద్దాయన సాయంత్రం దాకా ఉండి, ఇంటికి వెళ్ళకుండానే క్యాంపు బస్సెక్కాడు. ఇల్లు దగ్గరే కదా చూసి వెళ్ళండి అంటే, "వెళ్తే మళ్ళీ బస్సెక్కబుద్ధి కాదయ్యా," అన్నాడు.

ధరలు తెరిచారు. కొండ రోడ్డు మాకు రాలేదు, మాకంటే తక్కువ వేసినవాళ్ళు ముగ్గురున్నారు. కాలువ రోడ్డు వచ్చింది. ఎండీ గారు స్వీట్లు పంచారు. నేను రెండు తిన్నాను. పనికి పద్ధతి దొరికింది, పద్ధతి చెప్పిన మనిషి మాత్రం ఒడిశా సరిహద్దులో ఉండిపోయాడు.

ఒప్పందం అయ్యాక ఇంకో పత్రం ఇవ్వాలి. నెలవారీగా పని కార్యక్రమం, సైటులో ఉండే మనుషుల పూర్తి పట్టిక. పై వరసలో ప్రాజెక్టు మేనేజరు, అది ఇక కదపలేం. పెద్దాయన ఫోన్ చేశాడు.

"కింద గళ్ళేవైనా ఖాళీ ఉన్నాయా?"

"ట్రాఫిక్ మళ్ళింపు, భద్రత చూసే ఇంజనీరు ఒకటుంది సార్. కానీ అది మీ హోదాకి…"

"రాసెయ్."

"తోడల్లుడు గారి కింద పనిచేయాలి సార్."

"ఆయన రోజూ వస్తాడంటావా?"

రాసేశాను. ఎండీ గారు సంతకం పెట్టేటప్పుడు ఆ గడి దగ్గర ఆగి, ఒకసారి నన్ను చూసి సంతకం పెట్టారు. ధర కానిది ఆయన ఇంత శ్రద్ధగా చదవడం అది రెండోసారి.

పని మొదలైన నెలకు నేను ఫొటోల కోసం సైటుకు వెళ్ళాను. తోడల్లుడు గారు ఆ రోజు రాలేదు. రంగు వెలిసిన భద్రతా జాకెట్టు వేసుకుని పెద్దాయన డైవర్షన్ బోర్డు పక్కన నిలబడి, ఎవరూ అడగని ప్రశ్నకు గ్రేడరు డ్రైవరుతో జవాబు చెబుతున్నాడు. సంతకం పెట్టే అధికారం లేదు కాబట్టి అన్నీ చెప్పి, వేరేవాళ్ళ చేత పెట్టించాలి. విసుగ్గానే ఉన్నాడు.

"ఇంట్లో ఎలా ఉంది సార్?" అన్నాను.

"రోజూ సాయంత్రం వెళ్తున్నా. మొదటి వారం మా ఆవిడ చుట్టం వచ్చినట్టు కూర చేసింది. నిన్న పప్పులో ఉప్పు తక్కువైందన్నా."

"ఏవన్నారు?"

"మళ్ళీ క్యాంపుకెప్పుడు, అనింది."

జాకెట్టు సర్దుకుని, లారీ వాడికి జెండా ఊపడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు.