సరస్ డ్రమ్ముకు కుళాయి

అవోకా పేటలో సరస్ అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది, భర్తను కాటికి సాగనంపింది, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. మంచి మనిషే. కాకపోతే లోకంలో ఉన్న అనుమానమంతా ఆవిడ ఒక్కత్తే మూటగట్టుకు పుట్టింది.

ఎనభై ఏడులో వచ్చిన వరదల్లో పైపులు కొట్టుకుపోయి, వారాల తరబడి ట్యాంకరు వెనక బకెట్టు పట్టుకుని నిలబడ్డ రోజులు ఆవిడ మరిచిపోలేదు. అందుకే తొంభై నాలుగు ఏప్రిల్లో, నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసే ఎన్నికలకు రెండు వారాల ముందు, ఏమవుతుందో ఏమోనని జనం కొవ్వొత్తులూ డబ్బాలూ కొంటుంటే ఆవిడ పెద్ద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొంది. అడుగున కుళాయి పెట్టించి, పెరట్లో ఇటుకల మీద నిలబెట్టి, నిండా నీళ్ళు పట్టి, మూత రింగుకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది.

రోజూ పొద్దున్నే తాళం తీసి కర్ర ముంచి కొలిచేది. రోజూ రెండు వేళ్ళ లోతు తగ్గుతోంది! ఆవిడ ఒక్క చుక్క వాడలేదు. మరి ఎవరు? పదకొండేళ్ళుగా నల్లవాళ్ళ బస్తీ క్వామాషు నుంచి పనికొస్తున్న ఐరిస్ తప్ప పెరట్లోకి వచ్చేదెవరు? అక్కడ ఐరిస్ వాళ్ళ వీధికంతా ఒకటే కుళాయి. ఇంకేం కావాలి?

అడగలేదు సరస్. అడిగితే బాగుండేది. నీళ్ళ సీసా కోసం ఐరిస్ సంచీ వెతికింది. సరిగ్గా అప్పుడే ఐరిస్ వంటింట్లోంచి వచ్చింది, చూసింది, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తాగడానికి తన సీసా తనే తెచ్చుకుంది. "చూశావా, తప్పు చేసింది కాబట్టే ఆ మౌనం," అనుకుంది సరస్. నెలాఖరుకి పంపెయ్యాలని తీర్మానించింది.

ముందుగా కుళాయి పీకించి కన్నం మూయించాలి. గ్రీన్‌వుడ్ పార్క్ నుంచి ప్లంబర్ కిస్టెన్‌ను పిలిపించింది. వరసకు అక్క కొడుకు.

"ఏంటి పిన్నమ్మా, న్యూ ట్యాప్ ఇది, ఎందుకు తీసేది?"

"దొంగలు ఉండారు ఇంట్లో. నువ్వు తియ్యి."

ఐరిస్ అక్కడే బట్టలు ఆరేస్తోంది. వింది.

కిస్టెన్ నీళ్ళన్నీ తొట్లలోకి వదిలి డ్రమ్మును పడుకోబెట్టాడు. "బయట్నుంచి తిప్పితే రాదు ఇది. లోపల్న బ్యాక్ నట్ ఉంది. ఒకరు బయట ట్యాప్ పట్టాలి, ఇంకొకరు లోపల నట్ తిప్పాలి. నువ్వు దూరు పిన్నమ్మా."

ఆవిడ మోకాళ్ళు వంగితేగా! ఆ చుట్టుపక్కల వంగే మనిషి ఒక్కర్తే. కిస్టెన్ పిలిస్తే ఐరిస్ తడి చేతులు తుడుచుకుని, భుజాల దాకా డ్రమ్ములోకి దూరింది. ఆ చేతుల్నే అనుమానించి, ఆ చేతుల మీదే ఆధారపడాల్సి వచ్చిందని సరస్‌కు చెడ్డ చిరాకేసింది.

"లూజ్‌గా ఉంది," లోపలి నుంచి ఐరిస్ గొంతు బోలుగా వినిపించింది. "వేళ్ళతో కదిపితే ఊగుతోంది."

"చూశావా! ఎవరో విప్పారు!" అంది సరస్.

"తాళం నీ మెడలోనే ఉంది కదా పిన్నమ్మా, ఎవరు విప్పేది?" కిస్టెన్ బయట కుళాయిని మెల్లగా తిప్పాడు. "ఐరిస్, నట్ తిరిగిందా?"

"లేదు. దాని మూల డ్రమ్ము గాడిలో ఇరుక్కుంది."

కిస్టెన్ చెయ్యి ఆగింది. "ఈ ట్యాప్‌ని ఎవరైనా తిప్పుతారా? పిడి కాదు, మొత్తం ట్యాప్‌ని?"

"నేనే," అంది సరస్ గర్వంగా. "ఐరిస్ పోయినాక మూతి పైకి తిప్పి పెడతాను. రాత్రి ఎవురూ గ్లాసు పెట్టలేరు. పొద్దున్నే లేస్తానే మళ్ళా కిందికి."

"పైకి తిప్పేది విప్పే సైడ్, పిన్నమ్మా. లోపల నట్ కదల్లేదు, నువ్వు ట్యాప్‌ని కదిపావు. రాత్రంతా వాషర్ పక్కన కారింది. పొద్దున్నే నువ్వే మళ్ళా టైట్ చేశావు, ఆగింది."

సరస్ ఇటుకల వెనక్కి చూసింది. ఇసుక నేల. పక్కన కరివేపాకు మొక్క మండు వేసవి చూసినా నిగనిగలాడుతోంది. ఆవిడ అనుమానించనిది దాన్నొక్కదాన్నే.

ఐరిస్ నట్టు పూర్తిగా విప్పి డ్రమ్ములోంచి బయటికి జరిగింది. కిస్టెన్ కుళాయి బయటికి లాగాడు. నలిగి వంకరపోయిన రబ్బరు వాషరు దాంతోపాటే వచ్చింది. ఐరిస్ ఆ నట్టును సరస్ అరచేతిలో పెట్టింది, కళ్ళలోకి చూడకుండా.

"మూసేద్దామా కన్నం?" అన్నాడు కిస్టెన్.

"వద్దు. మళ్ళా పెట్టు," అంది సరస్. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోతోంది.

కొత్త వాషరు వేసి, ఐరిస్ లోపల నట్టు పట్టుకుని బిగిస్తే, కుళాయి మూతి కిందికి చూసేలా కుదిరింది. డ్రమ్ము నిలబెట్టి తొట్లలోని నీళ్ళు తిరిగి పోశారు. చుక్క కారలేదు. సరస్ మెడలోంచి తాళంచెవి తీసి మూత మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి, బంధువులొస్తే తప్ప బయటికి తీయని గాజు గ్లాసు తెచ్చి, తనే కుళాయి తిప్పి నింపి, రెండు చేతులా ఐరిస్‌కు అందించింది.

"తీసుకో ఐరిస్. నేను తప్పు చేశాను."

ఐరిస్ గ్లాసు వైపు చూసింది. బట్టల తీగ కింద పెట్టుకున్న తన సీసా తీసి, మూత తిప్పి, నెమ్మదిగా తాగింది.

"నాకు ఉంది, అమ్మా," అంది. మిగిలిన బట్టలు ఆరేయడానికి వెళ్ళింది.