తొమ్మిదో బొమ్మ

ఎనభై రెండు, ఎనభై మూడు ప్రాంతాల్లో రాజమండ్రిలో సినిమాకి వెళ్ళినవాళ్ళంతా వీరాస్వామి పని చూసినవాళ్ళే. ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలీదు. హాలు ముందు ముప్ఫై అడుగుల ఎత్తున నిలబడే హీరో ముఖం ఆయన వేసిందే. ఇంటర్వెల్లో పడే గాజు స్లైడుల మీద బట్టల కొట్టు, మందుల షాపు అని ముత్యాల్లాంటి అక్షరాలు కనిపిస్తాయే, అవీ ఆయనవే. కోటగుమ్మం దగ్గర ఒక రేకుల షెడ్డు, అందులో రంగు డబ్బాలు, పక్క గదిలో భార్య సత్యలక్ష్మి. పిల్లలు లేరు. నలభై ఏళ్ళ మనిషి. ఆయనకి ఒక్కటే పిచ్చి. వేసిన బొమ్మ కదలాలి.

మద్రాసులో బ్యానర్ల కంపెనీకి పనిమీద వెళ్ళినప్పుడు, పక్క సందులో బొమ్మల ప్రకటనలు తీసే కెమెరా గది చూశాడు. కెమెరా పైనుంచి కిందకి చూస్తూ బిగించి ఉంది. కింద బల్ల మీద రెండు మేకులు. పారదర్శకంగా ఉండే రేకు మీద బొమ్మ వేసి, దాని రంధ్రాలు ఆ మేకులకి తగిలించి, రెండు ఫ్రేములు తీస్తారు. ఆ రేకు తీసేసి ఇంకోటి పెడతారు. సెకనుకి పన్నెండు బొమ్మలు. అక్కడి తెలుగు కెమెరామన్ ఒకాయన వీరాస్వామి మొహం చూసి జాలిపడి రెండ్రోజులు అన్నీ చూపించాడట. రంధ్రాలు కొట్టిన రేకులు ఒక కట్ట కూడా ఇచ్చి పంపాడు.

ఊళ్ళో ఎవరి కోసం చెయ్యాలి? మెయిన్ రోడ్డులో వెంకటరత్నం గారి గొడుగుల కొట్టు ఉంది. గొడుగులు అక్కడే మేడమీద కుడతారు, కింద అమ్ముతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన కూతురు మీనాకుమారి. ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. నడిస్తే ఒక పక్కకి వాలి, ఒక క్షణం ఆగి, మళ్ళీ లేస్తుంది. కూర్చుంటే మాత్రం ఆ కొట్టుకి మహారాణి. ఎవరైనా గొడుగు తిప్పి తిప్పి చూసి ఇది నిలబడుతుందా అని అనుమానపడితే, తల ఎత్తకుండానే "తడిస్తే నన్నడగండి" అనేది. మెయిన్ రోడ్డు మొత్తానికి తెలిసిన మాట అది. ఆ గొంతూ అంతే.

వీరాస్వామి కాగితం మీద ఒక బాతుని వేసుకెళ్ళాడు. మెడ నిటారుగా, చంకలో గొడుగు, కళ్ళు సగం మూసి లోకాన్ని చూసే బాతు. దాని స్వభావం ఏమిటో కూడా ఆయనే వివరించాడు. దీనికి వానంటే భయం లేదు, తడుస్తూ పరిగెత్తే జనాన్ని చూస్తే జాలి. తొందరపడదు, ఎవరినీ తిట్టదు, ఒక్క మాట అని ముందుకి వెళ్ళిపోతుంది. పేరు బుల్లెమ్మ. వెంకటరత్నం గారికి అర్థం కాలేదు. ఒకసారి ఆడించి పారేసే దానికి ఇంత శ్రమెందుకన్నాడు.

వీరాస్వామి ఓపిగ్గా చెప్పాడు. నడక ఎనిమిది బొమ్మలు. ఎనిమిదోది అయిపోగానే మళ్ళీ ఒకటి. అలా తిప్పుతూ పోతే బాతు ఎంత దూరమైనా నడుస్తుంది, వెనకాల వీధి బొమ్మని జరుపుకుంటూ పోతే చాలు. రెప్ప ఆర్పడానికి మూడు, తోక విదిలించడానికి ఆరు. ఇవి ఒకసారి వేసుకుంటే ఎప్పటికీ ఉంటాయి. వానాకాలానికి ఒక వీధి, బడులు తెరిచేటప్పుడు ఇంకో వీధి, పెళ్ళిళ్ళ రోజుల్లో పందిరి. వెనక బొమ్మ మారుతుంది, బాతు అదే.

వ్యాపారికి అది నచ్చింది. మీనాకుమారికి వేరే ఏదో నచ్చింది. ఆ బొమ్మని చాలాసేపు చూసి అడిగింది.

"ఇది ఏం మాట్లాడుతుంది మాస్టారూ?"

"మీ మాటేనండి. మీ గొంతే కావాలి. మీరు ఒప్పుకుంటేనే సుమండీ."

ఆమె నవ్వింది. "గొంతు నాదైతే నడక మాత్రం మీదే. బాగా నడిపించండి. నా మాట ఒక్కసారైనా దర్జాగా నడిచి వెళ్తుంటే చూడాలి."

అదీ ఆమె కోరిక. వీరాస్వామి ఆ రోజు నుంచి ఆ నడక మీదే బతికాడు. పొద్దున్నే గట్టు వెంబడి పోయి బాతుల వెనకాల నడిచేవాడు. బాతు నడకలో ఒక ఊగు ఉంటుంది, కానీ అది రెండు పక్కలా సమానం. ఆ సమానం తప్పితే కొంప మునుగుతుందని ఆయనకి తెలుసు. ఎవరి గొంతుకి ఆ నడక వేస్తున్నాడో కూడా తెలుసు కదా. కుడి అడుగు ఎత్తు, ఎడమ అడుగు ఎత్తు స్కేలు పెట్టి కొలిచాడు.

మేడమీద ఫ్యాను ఆపి, మీనాకుమారి గొంతు టేపులో ఎక్కించారు. పదిహేడు సార్లు అంది. పదకొండోది బాగుంది. ఆ మాట సరిగ్గా రెండు సెకన్లు పట్టింది, అంటే ఇరవై నాలుగు బొమ్మలు. కానీ ముక్కులు మూడే వేశాడు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. అక్షరాన్ని బట్టి అవే మార్చి మార్చి పెట్టమని, కెమెరామన్ చూసి తీసే షూటింగ్ చార్టులో రాశాడు. రేకు ముందువైపు సిరాతో గీత ఆయనది, వెనకవైపు రంగు సత్యలక్ష్మిది. మన గాలిలో చెమ్మకి రంగు అంటుకుపోతుందని రేకుకీ రేకుకీ మధ్య వెన్నకాగితం పెట్టేది. అలా పెడుతూ ఒకసారి అడిగింది.

"ఈ తొమ్మిదోదీ ఒకటోదీ ఒకటేగా? రెండుసార్లు ఎందుకు వేశారు?"

"అతుకు కోసమే" అన్నాడు.

బ్యానర్లు వేసేవాళ్ళకి ఇది చేతిలోనే ఉంటుంది. పెద్ద ముఖం ఒక్క గుడ్డ మీద పట్టదు. మూడు నాలుగు గుడ్డలుగా వేసి హాలు దగ్గర కలిపి బిగిస్తారు. అతుకు కనబడకూడదంటే మొదటి గుడ్డ చివర వేసిన జానెడు ముక్కనే రెండో గుడ్డ మొదట్లో మళ్ళీ వెయ్యాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ఇరవై ఏళ్ళుగా అలాగే అతికినవాడు, నడక చివర్ని మొదలుకి కలపాలంటే అదే పని చేశాడు. వేళ్ళతో కట్టని విదిలించి చూసుకుంటే అద్భుతంగా ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా వెళ్ళి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతోంది. చార్టులో ఒకటి నుంచి తొమ్మిది, మళ్ళీ ఒకటి నుంచి అని రాశాడు. మద్రాసులో కెమెరామన్ చార్టులో ఉన్నది ఉన్నట్టు తీశాడు. మూడు ప్రకటనలు ఒకేసారి. మూడింటికీ ఒకటే నడక.

ప్రింట్లు రైల్లో వచ్చాయి. వేసి చూసుకోడానికి ఊళ్ళో వేరే చోటు లేదు. మొదటిసారి చూడటం మ్యాట్నీలో, జనంతో పాటే. వెంకటరత్నం గారు కుటుంబమంతటికీ బాల్కనీ టికెట్లు తీశారు. మీనాకుమారి కొత్త చీర కట్టుకుంది. వీరాస్వామి, సత్యలక్ష్మి వాళ్ళ వెనక వరసలో కూర్చున్నారు.

ఇంటర్వెల్ అయ్యాక లైట్లు ఆరాయి. తెర మీద వాన. బుల్లెమ్మ వచ్చింది. ఒక అడుగు, రెండు అడుగులు. ఎడమ కాలు నేలకి ఆనిన చోట ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ ఎడమ కాలి దగ్గర ఆగింది. మళ్ళీ. తర్వాత తల తిప్పి, సగం కళ్ళతో చూసి, మీనాకుమారి గొంతుతో "తడిస్తే నన్నడగండి" అంది.

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత నేల టికెట్లోంచి ఒక కేక వచ్చింది.

"మీనమ్మగారు వస్తున్నారు, దారివ్వండ్రా."

హాలు మొత్తం నవ్వింది. చెడ్డ మనసుతో నవ్వినవాళ్ళు పదిమంది ఉంటారేమో, మిగతా వాళ్ళంతా సరదాగానే నవ్వారు. గొడుగుల కొట్టువాళ్ళు తమ మీద తామే జోకు వేసుకున్నారనుకున్నారు. తర్వాత రెండో ప్రకటన, మూడోది. బడి వీధిలో అదే నడక. పెళ్ళి పందిట్లో అదే నడక.

మీనాకుమారి కదల్లేదు. సినిమా అయిపోయాక కూడా లేవలేదు. కింద, పైన అందరూ వెళ్ళిపోయి, హాలు ఊడ్చేవాళ్ళు వచ్చాక గోడ పట్టుకుని మెట్లు దిగింది. వెంకటరత్నం గారు వీరాస్వామి దగ్గర ఆగి అన్నారు.

"మా ఇంటికి వచ్చి, మా అన్నం తిని, ఎంత పని చేశావయ్యా."

ఏం జరిగిందో వీరాస్వామికే తెలీదు. మర్నాడు పొద్దున, రేకులకి ముందు కాగితాల మీద వేసుకున్న బొమ్మలు ముందేసుకుని, ఈసారి తొమ్మిది దగ్గర ఆగకుండా వెంటనే ఒకటికి వెళ్ళాడు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. తొమ్మిదీ ఒకటీ ఒకే బొమ్మ, ఎడమ కాలు నేలకి ఆనిన బొమ్మ. అంటే ఆ ఎడమ అడుగు రెండు ఫ్రేముల బదులు నాలుగు ఫ్రేములు నిలబడుతోంది. సెకనులో పన్నెండో వంతు ఎక్కువ. అంతే. సత్యలక్ష్మి పక్కనే నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన కొట్టుకి వెళ్ళాడు. వెంకటరత్నం గారు మొహం తిప్పుకున్నారు. మీనాకుమారి మాత్రం కూర్చోమంది. ఆయన నిలబడే, ఒక రేకు ఎక్కువ పడిందని, బ్యానరు అతికినట్టు అతికానని, తప్పంతా అదేనని చెప్పుకొచ్చాడు.

"అయితే కావాలని వెయ్యలేదు" అందామె.

"అమ్మ తోడమ్మా."

"తెలుసండి. అదే బాధ. కావాలని వేస్తే హాయిగా తిట్టుకునేదాన్ని."

ఆయన ఆ రాత్రి బండికే మద్రాసు వెళ్ళాడు. తొమ్మిదో రేకు తీసేసి మూడూ మళ్ళీ తీయించాడు. ఈసారి అక్కడే వేయించుకుని చూశాడు. బుల్లెమ్మ ఎంత బాగా నడిచిందంటే, కెమెరామన్ కూడా భుజం తట్టాడు. మెడ ఎత్తి, గొడుగు చంకన పెట్టుకుని, ఎవరి కోసమూ ఆగకుండా నడిచింది. అదిగో, ఆమె అడిగిన నడక. ఇరవై రోజుల తర్వాత అదే హాల్లో వేశారు. మీనాకుమారిని ఆయనే బతిమాలి తీసుకొచ్చాడు, ఒక్కసారి చూడండమ్మా, చాలు అని. ఆమె వచ్చింది.

వాన పడింది. బుల్లెమ్మ దర్జాగా నడిచింది. ఒక్క చోట కూడా ఆగలేదు. మీనాకుమారి ముందుకి వంగింది. ఆ చీకట్లో ఆమె మొహం వెలిగిందని సత్యలక్ష్మి తర్వాత చెప్పింది. రెండు సెకన్లో, మూడో.

"ఒరేయ్, మీనమ్మగారికి కాలు బాగైపోయిందిరా" అని అరిచారు కింద నుంచి.

ఆ నవ్వు మొదటి నవ్వు కన్నా పెద్దది.

ప్రింట్లు ఆ వారమే ఆపేశారు. మీనాకుమారి గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మానేసింది. ఇప్పుడక్కడ దొరబాబని వాళ్ళ బంధువు కూర్చుంటున్నాడు. ఎవరైనా గొడుగు నిలబడుతుందా అని అడిగితే, నిలబడుతుందండి అంటాడు. ఆమె మేడమీద మిషను దగ్గర, ఊచలకి గుడ్డ కుట్టే పనిలోకి వెళ్ళిపోయింది. వీరాస్వామి ఆ రేకుల మీద రంగు కడిగేసి, గాజుకి బదులు స్లైడులకి వాడుకున్నాడు. మళ్ళీ బొమ్మలు కదిలించే ఊసెత్తలేదు. మద్రాసు నుంచి ఒకటి రెండు ఉత్తరాలొస్తే జవాబు రాయలేదు.

ఏడాది తిరిగాక ఒక వానరోజున ఆయన ఆ కొట్టు మెట్లెక్కాడు. ఏం కొనడానికీ కాదు, ఆ గొంతు ఒక్కసారి వినడానికి. దొరబాబు ఏం కావాలండీ అంటే వినిపించుకోకుండా మేడ మెట్ల కింద నిలబడ్డాడు. పైన మిషను ఆడుతోంది.

"అమ్మాయిగారూ, నేనండి. వీరాస్వామిని."

మిషను ఆగింది. ఆయన కమ్మీ పట్టుకుని తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి పైన కుర్చీ కొంచెం జరిగిన శబ్దం వచ్చింది. తర్వాత మళ్ళీ మిషను ఆడటం మొదలైంది.