పసుపు చొక్కా బాబు

విమలమ్మ గొంతు మీలో చాలామంది వినే ఉంటారు. సికింద్రాబాద్ స్టేషన్లో పదకొండేళ్ళు రైళ్ళ రాకపోకలు చెప్పింది. ఏ రైలు ఎన్ని గంటలు ఆలస్యమైనా ఆ గొంతు మాత్రం తొణికేది కాదు. రికార్డు గొంతులొచ్చి ఆ పని పోయాక, కార్ఖానా దాటి ఊరి చివరనున్న మా రిసార్టులో మైకు దగ్గర చేరింది. ఇల్లు మౌలాలిలో. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది.

నా పేరు పుష్ప. ఈత బట్టలు అద్దెకిచ్చే కౌంటర్ నాది. నైలాన్ బట్టలు లేనిదే పూల్లోకి దిగనివ్వం. పిల్లలందరికీ నీలం రంగువే. పూల్ అడుగు పలకలదీ అదే నీలం. ఏ తెలివైనవాడు ఎంచుకున్నాడో ఆ రంగు, వాడి ముఖం చూడాలనుంది నాకు.

పిల్లలు తప్పిపోవడం ఆదివారాల్లో మాకు మామూలే. అందుకని విమలమ్మ నోటుబుక్కులో అంతా రాసిపెట్టింది. గేట్లు మూసి, పిల్లలతో బయటికెళ్ళేవాళ్ళను ఆపి చూడాలి. ఏం బట్టలతో వచ్చాడో అడగాలి. తల్లిదండ్రుల దగ్గర ఒక మనిషి ఉండాలి. ముందు నీళ్ళల్లో వెతకాలి. పిల్లవాడి పేరు మైకులో చెప్పకూడదు, పేరు పట్టుకుని ఎవడైనా పిలుచుకుపోతాడు. పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకు ఫోన్. ఇంకో వాక్యం కూడా ఉండేది, పూల్లోంచి అందరినీ బయటికి రప్పించాలని. మేనేజర్ పురుషోత్తం దాన్ని కొట్టేశాడు.

"గెస్టులు పరేషాన్ అయితరు విమలమ్మా. దిగినోళ్ళను లేపితే పైసలు వాపసు అడుగుతరు" అన్నాడు.

విమలమ్మ నోటుబుక్కు మూసి మైకు పక్కన పెట్టింది. నేనైతే ఊరుకునేదాన్ని కాదని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు.

మే నెల ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. యోగిత అనే ఆవిడ మైకు గదికి పరుగెత్తుకొచ్చింది. ఐదేళ్ళ కొడుకు కనిపించడం లేదు. విమలమ్మ ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"ఏం బట్టలేసుకొని వచ్చిండమ్మా?"

"పసుపు చొక్కా అండీ. జీన్స్ నిక్కరు."

గేట్లు మూశారు. పూల్ కాపలా ఏసురత్నానికి వాకీటాకీలో కబురెళ్ళింది. విమలమ్మ మైకు పట్టుకుంది. "అతిథులకు మనవి. పసుపు చొక్కా వేసుకున్న ఐదేళ్ళ బాబు అమ్మకోసం చూస్తున్నాడు. మీరున్న చోటే ఒకసారి చుట్టూ చూడండి. కనిపిస్తే బాబుతో అక్కడే ఉండి, దగ్గరలోని మా సిబ్బందికి చెప్పండి." రైలు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పినంత నిమ్మళంగా చెప్పింది. జనం ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ ఆటల్లో పడ్డారు. వంద మంది గంతులేస్తున్న పూల్ గట్టు మీద ఏసురత్నం అటూ ఇటూ నడిచి, నీళ్ళల్లో పసుపు లేదన్నాడు. నేనూ కౌంటర్లోంచి పసుపు చొక్కాల కోసమే మెడ సాచి చూశాను.

ఏడెనిమిది నిమిషాలయ్యాక ఒకాయన తడి ఒంటితో నా కౌంటర్ ముందుకొచ్చాడు. లాకరు తాళం తిరగడం లేదట.

"ఎవరో బాబు తప్పిపోయినట్టున్నాడండీ, పాపం" అన్నాడు.

ఆయన భుజం మీద చిన్న పసుపు చొక్కా ఉంది.

అరగంట క్రితం ఆయన పక్కనున్న బుడ్డోడికి నీలం బట్టలిచ్చింది నేనే. "సార్, బాబెక్కడ?" అన్నాను.

"వాళ్ళమ్మ దగ్గరున్నాడండీ. బట్టలు మార్చి పంపించేశాను."

కుర్చీలో కూర్చున్న తల్లిని దూరంనుంచి చూపించి పంపాడట. ఆయన బాబుకు బట్టలు మార్చిన సంగతి ఆమెకు తెలియదు. పిల్లవాడికి దారిలో పూల్ కనిపించింది. మైకులో పేరు వినిపించలేదు, చొక్కా తన భుజం మీదే ఉంది. తప్పిపోయింది ఇంకెవరి బిడ్డో అనుకున్నాడు తండ్రి.

నేను మైకు గదికి పరుగెత్తాను. విమలమ్మ నా మాట పూర్తిగా వినకముందే, మేనేజరును అడగకుండా, కొట్టేసిన ఆ వాక్యాన్ని మైకులో చదివింది. అందరూ బయటికి వచ్చారు. నీళ్ళు తేరుకున్నాయి. జారుడుబల్ల మెట్ల కింద, నీలం పలకల మీద, నీలం బట్టల్లో బాబు ఉన్నాడు.

ఏసురత్నం అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. బాబు కళ్ళు తెరవలేదు. ఆసుపత్రిలో కూడా తెరవలేదు.

పదకొండో రోజున విమలమ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళింది. తిడతారనే వెళ్ళింది, తిట్లు తినాలనే వెళ్ళింది. నేను తోడు వెళ్ళాను. యోగిత తిట్టలేదు.

"పూల్ దగ్గరికి నేనే పరుగెత్తేదాన్నండీ. మీ గొంతు అంత నిదానంగా ఉంటే, వాడెక్కడున్నాడో మీకు తెలుసనుకున్నాను. అందుకే కూర్చున్నాను" అంది.

తిరుగు బస్సులో విమలమ్మ నోటుబుక్కు తీసింది. 'ఏం బట్టలతో వచ్చాడు' అన్నది కొట్టేసి, 'ఇప్పుడు ఒంటిమీద ఏముంది' అని రాసి, నా చేతిలో పెట్టింది. మళ్ళీ పనిలోకి రాలేదు. ఆ బుక్కు నా కౌంటర్ సొరుగులోనే ఉంది, ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా దగ్గర కూడా రికార్డు గొంతే పెట్టారు. పసుపు, ఎరుపు, తెలుపు, రంగు పేరు నొక్కితే చాలు, చాలా నిదానంగా చెబుతుంది.