డ్రైవరు గడ్డంలో వదిలిన తెల్ల వెంట్రుకలు

నా కుట్టు కొట్టుకీ పక్కనున్న సెలూనుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. అవతల కత్తెర ఆడితే ఇవతల నాకు వినిపిస్తుంది. సెలూను ఆయన్ని వీధంతా 'నిదానం' అంటారు. వంతు చెప్పి వెళ్ళి కాఫీ తాగొచ్చినా ఆయన ఇంకా దువ్వెన తుడుస్తూనే ఉంటాడు. గడియారం చూసుకునేవాళ్ళు ఆయన దగ్గరికి రారు. వచ్చేవాళ్ళు మాత్రం ఇంకో చోటికి పోరు. నాకు నోరు ఎక్కువ, ఆయనకి తక్కువ. ఇన్నేళ్ళ స్నేహం నిలిచింది అందుకేనని నేనంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు.

నిదానానికి ఒక పట్టుదల ఉంది. నెరిసిన గడ్డానికి రంగు వేయమంటే వేస్తాడు గానీ మొత్తం నల్లగా చేయడు. నాలుగు తెల్ల వెంట్రుకలు వదలాల్సిందే. కాటుక నలుపు కూడా పనికిరాదు, ముదురు గోధుమ రంగే కలుపుతాడు. ముఖం మీద వయసు కనిపిస్తుంటే గడ్డంలో లేకపోతే ఎలా అని ఆయన వాదన. గడ్డం మొత్తం నల్లగా చేయించుకున్న మనిషిని చూస్తే చొక్కా ఒకరిదీ ప్యాంటు ఒకరిదీ తొడుక్కున్నట్టుంటుందని నేనూ ఒప్పుకుంటాను. దర్జీ కళ్ళకి అలాంటివి తొందరగా పడతాయి.

ఆ పట్టుదలని నిదానం ఒక్కసారి వదులుకున్నాడు. బస్సు డ్రైవరు కోసం.

డ్రైవరుకి యాభై దాటాయి. కుర్రతనం నుంచీ గడ్డం ఉన్న మనిషి, ఆ గడ్డం అప్పటినుంచీ నిదానం చేతిలోనే ఉంది. అప్పటికది పూర్తిగా నెరిసింది. ఒకరోజు వచ్చి, నల్లగా చేసెయ్ అన్నా, ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండకూడదు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఇంట్లో ఏదో శుభకార్యం కాబోలు అనుకున్నాం. ఈ వయసులో ఈ సోకేమిటని గోడ ఇవతల నుంచి నేనో మాట విసిరాను కూడా. డ్రైవరు నవ్వలేదు. నాలుగు వదిలితే అందంగా ఉంటుందని నిదానం రెండుసార్లు నచ్చజెప్పి, వినకపోయేసరికి సరే అన్నాడు. చెవి వెనక కాస్త రంగు రాసి పంపించాడు. రెండు రోజులయ్యాక అక్కడ దురదా దద్దురూ లేవని చూసుకుని, అప్పుడు గడ్డం మొత్తానికీ వేశాడు. నీళ్ళతో కడిగాక అద్దంలో కనిపించిన మనిషిని డ్రైవరు చాలాసేపు చూసుకున్నాడు. తొంగి చూసిన నాకైతే ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూలబడి, ఈ రంగు తీసెయ్యగలవా అని అడిగాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

వాళ్ళమ్మకి మతిమరుపు. కొన్నాళ్ళుగా ఆమెకి ఈ మధ్య ఏళ్ళు గుర్తులేవు, పాత రోజులే మిగిలాయి. ఆమె లెక్కలో కొడుకు వయసు నలభై. ఈ తెల్లగడ్డం మనిషి అన్నం ముద్ద పట్టుకొస్తే, ఎవరో ముసలాయన తన గదిలోకి వచ్చాడని ముఖం తిప్పేసుకుంటోంది. కోడలు పెడితే రెండు ముద్దలు తిని, నా కొడుకు డ్యూటీ నుంచి రానీ, వాడు పెడితే తింటాను అంటోంది. కొడుకు ఎదురుగానే నిలబడి ఉంటాడు. తల్లి ఎముకల గూడైపోయింది. అందుకే నలుపు చేయించుకున్నాడు. తీరా నల్లగడ్డంతో వెళ్తే ఆమె ఇంకా బెదిరిపోయి, దుప్పటి ముఖం మీదికి లాక్కుందట.

"ముందే చెప్పొచ్చు కదా తమ్ముడూ" అన్నాడు నిదానం.

"ఏం చెప్పను అన్నా? మా అమ్మకి నేనెవరో తెలీట్లేదని చెప్పుకోనా?"

నేను విసిరిన వేళాకోళం గుర్తొచ్చి నాకు తల కొట్టేసినట్టయింది. కుట్టు మిషను ఆపేసి కూర్చున్నాను.

ఎక్కిన నలుపుని దించడం కుదరదని నిదానం చెప్పాడు. రంగు పోగొట్టే మందులు వేస్తే గడ్డం ఎర్రగా తిరుగుతుంది, చర్మం మండుతుంది. గీసేద్దామంటే, నున్నటి ముఖంతో ఆమె కొడుకుని ఎప్పుడూ చూసి ఎరగదు. మొదళ్ళలో తెలుపు పెరిగేదాకా ఆగి, నల్ల కొనలు కత్తిరించుకుంటూ రావడం ఒక్కటే దారి, అప్పుడు నలభైలో ఉన్నట్టు కొన్ని తెల్లవి వదిలి మళ్ళీ రంగు వేస్తానన్నాడు. ఆగగలదా అమ్మ అని అడిగాడు. డ్రైవరు లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. డ్రైవరు మొదళ్ళలో తెలుపు, కొనల్లో నలుపుతో బస్సు నడుపుకుంటూ తిరిగాడు. ఇంట్లో తల్లి గది గుమ్మం దాటలేదు. కోడలు గంజి తాగిస్తుంటే బయట నిలబడి వినేవాడు. మధ్యమధ్య వచ్చి నల్ల కొనలు కత్తిరించుకుని వెళ్ళేవాడు. నిదానానికి అన్నం సహించేది కాదు. తెలిసి కూడా పట్టు వదిలానని నాతో అన్నాడు. ఆయన తప్పేముంది అంటే వినడు.

నల్ల కొనలన్నీ పోయి పొట్టి తెల్లగడ్డం మిగిలిన రోజున నిదానం కొట్టు తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టాడు. అద్దానికి అడ్డంగా తువ్వాలు కట్టాడు. నీ నలభయ్యో ఏట గడ్డం ఎలా ఉండేదో నీకంటే నాకే బాగా తెలుసు, నువ్వు చూడకు అన్నాడు. తెలుపు మొదట వచ్చింది గడ్డం కింద రెండు పక్కలా, చిన్న చిన్న గుంపులుగా. ఎడమ వైపు కాస్త ఎక్కువ. కింది పెదవి కింద ఒకటో రెండో. చెంపల మీద ఏమీ లేవు.

గడ్డాన్ని సబ్బుతో కడిగి, జిడ్డు లేకుండా ఆరబెట్టాడు. చెంపల అంచునా పెదవుల చుట్టూ వ్యాసలీన్ రాశాడు. తర్వాత దువ్వెన తోకతో వదలాల్సిన వెంట్రుకలని ఒక్కొక్కటే విడదీసి, వాటికీ వ్యాసలీన్ పూశాడు. జిడ్డు పట్టిన వెంట్రుకకి రంగు పట్టదు. ప్లాస్టిక్ గిన్నెలో గోధుమ రంగు కలిపి, పళ్ళు తోముకునే బ్రష్షంత చిన్న కుంచెతో చర్మానికి తగలకుండా వెంట్రుకల మీదే అద్దుకుంటూ పోయాడు. చెంపలు ముందు, గడ్డం చివర. తెల్లవాటి పక్కనున్న వెంట్రుకలకి అన్నిటికంటే ఆలస్యంగా అద్దాడు, అవి కాస్త లేతగా తేలాలని. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు. తువ్వాలు తీస్తే డ్రైవరు అద్దంలోకి చూడకుండానే లేచి నిలబడ్డాడు.

"నువ్వు కూడా రా అన్నా. ఒక్కడినీ ఆ గదిలోకి వెళ్ళలేను."

ఇద్దరూ వెళ్ళారు. తర్వాత జరిగింది నిదానం నాకు చెప్పాడు. ఆమె మంచం మీద కిటికీ వైపు తిరిగి ఉందట. కొడుకు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఇటు తిరిగి చూసింది. చెయ్యి చాచి ఎడమ వైపు తెల్ల గుంపుని వేళ్ళతో తడిమింది.

"అప్పుడే నెరుస్తోందేంట్రా నీకు? ఆ రాత్రి డ్యూటీలు మానెయ్యమంటే వినవు" అని ముద్ద కోసం నోరు తెరిచిందట.

ఇది చెబుతూ నిదానం ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత మొదళ్ళు తెల్లబడగానే డ్రైవరు వచ్చేవాడు, అవే వెంట్రుకలు వదిలి మిగతావాటికి రంగు పడేది. తల్లి కొడుకు చేత్తో తింటూ మరో ఏడాది బతికింది.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం డ్రైవరు సెలూనుకి వచ్చాడు. ఇల్లంతా జనం ఉండగా ఇతనిక్కడికి ఎందుకొచ్చాడా అని నేనూ లేచి వెళ్ళాను. గడ్డం మొదళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

నిదానం అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇవాళ ఎందుకు తమ్ముడూ?"

"సాయంత్రం అమ్మని తీసుకెళ్తున్నాం" అన్నాడు డ్రైవరు. "మోసేవాళ్ళలో ఎవరో ముసలాయన ఉన్నాడనుకుంటే భయపడుతుంది."

నిదానం గిన్నె తీసి రంగు కలపడం మొదలుపెట్టాడు.